మిక్స్‌లో ఒక్క పాట పట్టుకోవడం: ట్రాక్‌లిస్ట్ టైమ్ మన ఫైల్‌తో కలవకపోతే

ప్రశ్న: రెండు గంటల రేడియో మిక్స్ రికార్డింగ్ ఉంది. మధ్యలో వచ్చే ఒక పాట పేరు కావాలి. ఫ్యాన్స్ రాసిన ట్రాక్‌లిస్ట్ దొరికింది, కానీ అందులో ఆ టైమ్‌కి ఉన్న పాట వింటే అది కాదు. యాప్ కూడా గుర్తుపట్టట్లేదు. ఎలా?

జవాబు: ట్రాక్‌లిస్ట్ తప్పని వెంటనే అనుకోకండి. అది రాసినవాళ్లు విన్న రికార్డింగ్ వేరు, మీ దగ్గరున్నది వేరు అయ్యుండొచ్చు. ఒకరి కాపీలో మొదట్లో ప్రకటనలు ఉంటాయి, ఇంకొకరు వాటిని కోసేసి ఉంటారు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది.

నాకు కావాల్సిన గొంతు నా ఫైల్‌లో 1:07:40 దగ్గర వస్తుంది. ముందుగా లిస్టులో నాకు బాగా తెలిసిన పాటలు వెతికాను. మూడో పాట లిస్టులో 9:30 అని ఉంది, నా ఫైల్‌లో 7:05కే మొదలైంది. అంటే తేడా 2 నిమిషాల 25 సెకన్లు. పన్నెండో పాటకీ అదే తేడా వచ్చింది. ఒక్క పాటతో ఆగి ఉంటే నా టైమ్‌కి 2:25 కలిపి, 1:10:05 దగ్గర చూసి, పద్దెనిమిదో పాట అని తేల్చేసేవాణ్ణి. అది తప్పయ్యేది.

ఎందుకంటే 22వ పాట దగ్గర చూస్తే తేడా 4:55 అయింది. అంటే మధ్యలో ఎక్కడో ఇంకో రెండున్నర నిమిషాలు ఎగిరిపోయాయి. ఎక్కడ అని ఒక్కో పాటే చూసుకుంటూ వచ్చాను. పదిహేడో పాటకి ఇంకా 2:25 తేడానే ఉంది, పద్దెనిమిదో పాటకి 4:55. ఆ రెండింటి మధ్య నిదానంగా వింటే నా ఫైల్‌లో 1:01:00 దాటాక అనౌన్సర్ మాట సగంలో తెగి, బీట్ ఒక్కసారిగా తప్పింది. కోత అక్కడే. నా పాట ఆ కోత తర్వాతది కాబట్టి కలపాల్సింది 4:55. లెక్క 1:12:35కి వచ్చింది. లిస్టులో పంతొమ్మిదో పాట 1:11:20కి మొదలవుతుంది. కాబట్టి మీరు వెతికే చోటుకి ముందొకటి, తర్వాతొకటి తెలిసిన పాట పెట్టుకోండి. రెండు తేడాలూ ఒకటే అయితేనే ఆ లెక్క నమ్మొచ్చు.

కొన్ని సైట్లలో సెకన్లు ఉండవు, నిమిషాలే ఉంటాయి. MixesDBలో [067] లాంటి గుర్తు చూస్తే 67వ నిమిషం అని అర్థం. అలాంటి లిస్టుతో లెక్క వేస్తే ఒక నిమిషం అటూ ఇటూ వదిలేయాలి.

ఇంత చేసి పంతొమ్మిదో పాట ఒరిజినల్ వింటే అందులో గొంతే లేదు! ఉత్త సంగీతం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నేను మళ్లీ లిస్టు చూస్తే ఆ పాట కింద `w/` అని మొదలయ్యే వరుస ఒకటి ఉంది. నంబర్ లేకపోవడంతో కంటికి ఆనలేదు. పై పాటతో పాటే దీన్నీ కలిపి వాయించారని దానర్థం. డీజే ఒక పాట సంగీతం మీద ఇంకో పాట గొంతు వేశాడు. నాకు కావాల్సింది ఆ గొంతే.

ఇక అదే పాటని ఖాయం చేసుకోవడం. ఆ మిక్స్ నిమిషానికి 128 బీట్ల వేగంతో నడుస్తోంది, గొంతు తీసుకున్న ఒరిజినల్ 120 బీట్లది. పాటలో 16 బీట్ల భాగం ఒకటి తీసుకుని స్టాప్‌వాచ్ పెట్టాను. ఒరిజినల్‌లో 8 సెకన్లు, మిక్స్‌లో ఏడున్నర. 120ని 128తో భాగించినా, 7.5ని 8తో భాగించినా 0.9375 వస్తుంది. యాప్‌లు తడబడటానికి ఈ వేగం మార్పు ఒక కారణం, గొంతు మీద ఇంకో సంగీతం ఉండటం ఇంకో కారణం. ffmpeg అనే కమాండ్ ప్రోగ్రామ్‌తో ముక్క కోసి, అంత మేరకు నెమ్మది చేసి ఒరిజినల్ పక్కన పెట్టి వినండి:

```
ffmpeg -ss 1:07:30 -t 40 -i mix.mp3 -af atempo=0.9375 clip.wav
```

ఇది వేగాన్నే తగ్గిస్తుంది, శ్రుతి మారదు. నా మిక్స్‌లో డీజే శ్రుతి మార్చకుండా వేగం పెంచాడు కాబట్టి ఇది సరిపోయింది, ప్రతి అక్షరం ఒరిజినల్‌తో పాటే పడింది. మీ మిక్స్‌లో గొంతు సన్నబడి వినిపిస్తుంటే శ్రుతి కూడా పెరిగిందన్నమాట. అప్పుడు Audacityలో Change Speed and Pitch వాడండి, అది రెండింటినీ కలిపి తగ్గిస్తుంది.

లెక్క అంతా సరిపోయాక కూడా ఆ చోట లిస్టులో `ID - ID` అని ఉంటే, ఆ పాటను అప్పటికింకా ఎవరూ గుర్తుపట్టలేదని అర్థం. తరచూ అది విడుదల కాని పాటే అయ్యుంటుంది. అలాంటప్పుడు అదే డీజే తర్వాతి వారాల్లో చేసిన మిక్స్‌ల లిస్టులు చూడండి. ఒకే పాటని వరసగా కొన్ని షోల్లో వాయించడం డీజేలకు అలవాటే. ఒకచోట ఖాళీగా ఉన్న పేరు ఇంకోచోట ఎవరో నింపి ఉండొచ్చు.