బకాయిలూ, టెర్రస్ పనీ: కొత్త కార్యదర్శికి ఒక లేఖ

అమ్మా, ఆశీస్సులు.

మెయింటెనెన్స్ బకాయిల గురించీ, ఏప్రిల్‌లో చేయించబోయే టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ గురించీ కమిటీ తరఫున అన్ని ఫ్లాట్లకూ పంపాలని మీరు రాసిన ఉత్తరం చదివాను. ఎనిమిదేళ్లు అదే బాధ్యత చూసినవాడిగా ఒక వాక్యం తప్పకుండా మార్చమని కోరుతున్నాను. “బకాయిలు వసూలైన తరువాతే మరమ్మతు మొదలవుతుంది” అని రాశారు. అది చదివాక, ప్రతి నెలా వేళకు కట్టే ముప్ఫై ఒక్క ఇళ్లవారు తమ పని ఎవరి కోసమో ఆగిందని నొచ్చుకుంటారు. కట్టని తొమ్మిది ఇళ్లవారికి మాత్రం గడువు పెరిగినట్టే అవుతుంది.

దానికి బదులు లెక్క చెప్పండి. నలభై ఫ్లాట్లు, ఒక్కొక్కటి 2,500 చొప్పున నెలకు లక్ష రూపాయలు రావాలి. వాచ్‌మన్ జీతం, లిఫ్ట్, కామన్ మీటర్ బిల్లు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ కలిపి 92,000 ఖర్చవుతున్నాయి. తొమ్మిది ఫ్లాట్ల ఆరు నెలల బకాయి 1,35,000. ఆ ఆరు నెలల్లో మిగలవలసిన 48,000 పోగా, తక్కిన 87,000 మనం కార్పస్ ఫండ్ నుంచి తీసి బిల్లులు కట్టాం. అందుకే కార్పస్ ఇప్పుడు 2,40,000కు దిగింది. టెర్రస్ పని అంచనా 4,80,000 కాబట్టి, మిగిలిన సగాన్ని నలభై ఇళ్లూ పంచుకుంటే తలా 6,000 పడుతుంది. బకాయిలే లేకపోయి ఉంటే తలా 3,825తో సరిపోయేది.

కాబట్టి మార్చిలో 3,000 అందరూ కట్టాలనీ, మేలో కట్టవలసిన రెండో 3,000లో, ఆలోపు వచ్చిన బకాయిల నుంచి కార్పస్‌కు తిరిగి చేరినంత మేర అందరికీ సమానంగా తగ్గిస్తామనీ రాయండి. బకాయిలన్నీ వస్తే రెండో వాయిదా 825 మాత్రమే. పని మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఈ ఉత్తరంలో బకాయి మొత్తమే ఉండాలి, ఫ్లాట్ నంబర్లు ఉండకూడదు. ఒకసారి నేను బకాయిదారుల జాబితా లిఫ్ట్ పక్కన అంటించాను. అందులో ఒకాయన అప్పటికే రెండు నెలల సొమ్ము ఫోన్ ద్వారా పంపి ఉన్నారు. ఫ్లాట్ నంబరు రాయకపోవడంతో అది ఎవరిదో తెలియక మా పుస్తకంలోకి ఎక్కలేదు. ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పినా ఆయన నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. అందువల్ల ముందు బ్యాంకు స్టేట్‌మెంట్‌ను రసీదు పుస్తకంతో వరుసవారీగా సరిచూసి, ఆ తరువాతే తొమ్మిది ఇళ్లకూ విడివిడిగా, నెలల వివరంతో చీటీ పంపండి. అద్దెకున్న ఇళ్ల విషయంలో ఆ చీటీ యజమానికి కూడా చేరాలి, ఎందుకంటే నెలసరి సొమ్ము అద్దెకున్నవారు కట్టినా మరమ్మతు వాటా యజమానిదే. నీళ్లు ఆపుతామన్న మాట ఎక్కడా రాయకండి. యజమాని చేసిన ఆలస్యానికి ఆ ఇంట్లో పసిపిల్లలు ఇబ్బంది పడటం న్యాయం కాదు. ఆలస్య రుసుము కూడా సర్వసభ్య సమావేశం తీర్మానించినంతే వేయాలి.

తొమ్మిది మందిలో ఐదో అంతస్తు వారు ఒకరు కావాలనే ఆపారని మీకూ తెలుసు. వారి పడకగది పైకప్పు నేను చూశాను. ఫ్యాన్ కొక్కెం చుట్టూ రంగు పొంగి పొక్కులు కట్టింది, వేలితో నొక్కితే సున్నం తడిపొడిగా రాలింది. సరిగ్గా దాని పైన టెర్రస్ మీద కర్రతో తడితే బోలు శబ్దం వస్తోంది. ఆ ఇంటికి వెళ్లేటప్పుడు చీటీతో పాటు పని మొదలయ్యే తేదీ కూడా తీసుకువెళ్లండి.

పని ఎలా ముగుస్తుందో కూడా ఉత్తరంలో చెప్పాలి. పగుళ్లు పూడ్చి, పిట్టగోడ మొదట్లో గుండ్రంగా గోళా కట్టి, పూత ఆరిన తరువాత, నీళ్లు పోయే గొట్టాలు మూసి రెండు అంగుళాల నీరు నలభై ఎనిమిది గంటలు నిలబెట్టించండి. ఎండకు నీటిమట్టం కొంత తగ్గుతుంది కాబట్టి గోడ మీద గీసిన సుద్ద గీత ఒక్కదాన్నే నమ్మకుండా, కింది ఇళ్ల పైకప్పులు ఆ ఇంటివారి సమక్షంలోనే చూడాలి. కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన దానిలో 48,000 తొలి పెద్ద వానలు పడి, తడి రాలేదని తేలేదాకా ఆపి ఉంచుతామన్న షరతు కూడా అందరికీ తెలియాలి.

పూలకుండీలు, బట్టల తీగలు, డిష్ యాంటెన్నాలు ఏ తేదీలోగా తీయాలో చివర రాయండి. సవరించిన ఉత్తరాన్ని ఆదివారం లోపు పంపితే సంతకాలకు ముందు ఒకసారి చూసి ఇస్తాను.