రెండు డబ్బాలూ పాలీప్రొపిలీనే, మరి ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: రెండు డబ్బాల అడుగునా 5 అంకె, పీపీ అనే ముద్ర ఉన్నాయి. పారదర్శకంగా ఉన్నది ఫ్రీజర్‌లోంచి తీస్తుండగా జారిపడి పగిలింది. పాలలా మసకగా ఉన్నది పగలదు కానీ, వంచిన చోట తెల్లబడుతోంది. రెండూ ఒకటే ప్లాస్టిక్ ఎలా అవుతాయి?

జవాబు: ఆ అంకె ఏ రకం ప్లాస్టికో చెబుతుంది కానీ, దాని పొడవాటి అణువుల గొలుసులో ఏది ఎక్కడ కూర్చుందో చెప్పదు. అసలు కథ అక్కడే ఉంది. ఇంజెక్షన్ మౌల్డింగ్ పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేసినప్పుడు ఇలాంటి ఫిర్యాదులు నాకు తరచూ వచ్చేవి.

పాలీప్రొపిలీన్ గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు మిథైల్ సమూహం వేలాడుతుంది. అవన్నీ ఒకే వైపు ఉంటే, అంటే ఐసోటాక్టిక్ అయితే, గొలుసు క్రమంగా మెలితిరిగి పక్క గొలుసులతో కలిసి స్ఫటికమవుతుంది. అది 160 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అటూ ఇటూ చిందరవందరగా ఉంటే స్ఫటికమే ఏర్పడదు. మిగిలేది మెత్తటి జిగురు పదార్థం, డబ్బాకు పనికిరాదు.

మీ పారదర్శక డబ్బా బహుశా ర్యాండమ్ కోపాలిమర్. గొలుసు పొడవునా అక్కడక్కడ కొద్ది శాతం ఇథిలీన్ చల్లి ఉంటుంది. ఇథిలీన్ తగిలిన చోట క్రమం తెగి, స్ఫటికాలు పలచబడతాయి. కాంతి తక్కువగా చెదురుతుంది. పారదర్శకత పెంచే మందు కూడా సాధారణంగా కలుపుతారు. అయితే స్ఫటికం కాని భాగం సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే బిగుసుకుపోతుంది. ఫ్రీజర్‌లోని మైనస్ 18 దగ్గర అది పెళుసే.

రెండోది ఇంపాక్ట్ కోపాలిమర్ అయి ఉంటుంది. మొదటి రియాక్టర్‌లో శుద్ధ పాలీప్రొపిలీన్ చేసి, తరువాతి దాంట్లో ఇథిలీన్-ప్రొపిలీన్ రబ్బరు తయారుచేస్తారు. రెండూ కలిసిపోవు. రబ్బరు చిన్న చిన్న రేణువులుగా విడిగా ఉండి, మైనస్ 50 దరిదాపుల వరకూ మెత్తగానే ఉంటుంది. పగులు బయలుదేరితే దాని శక్తిని పీల్చుకుంటుంది. మసక రంగు ఈ రేణువుల పుణ్యమే. వంచినప్పుడు రేణువుల్లోనూ చుట్టూ సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడతాయి, అదే మీకు కనిపించిన తెలుపు. అయితే కోపాలిమర్ కాని మామూలు పీపీ కూడా కొంత తెల్లబడుతుంది కాబట్టి, ఈ ఒక్క గుర్తుతో తేల్చేయకండి.

వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏది కరుగుతుందో గ్రాఫ్‌గా చూపే డీఎస్‌సీ యంత్రంలో మేము చిన్న ముక్క కరిగించి తేల్చేవాళ్లం. ర్యాండమ్ రకం 147 డిగ్రీల దగ్గర కరిగేది. ఇంపాక్ట్ రకం 163 దగ్గర కరుగుతూ, గ్రాఫ్‌లో 115 నుంచి 120 మధ్య ఒక చిన్న గుబ్బ కూడా చూపించేది. అది ఇథిలీన్ ఎక్కువగా ఉన్న గొలుసుల స్ఫటికం. తమాషా ఏమిటంటే, సాధారణంగా ఇంపాక్ట్ రకంలోనే మొత్తం ఇథిలీన్ ఎక్కువ. అయినా అదే ఎక్కువ వేడికి కరుగుతుంది, ఎందుకంటే ఇథిలీన్ ఒక పక్కన గుమికూడి, అసలు గొలుసులను చెడగొట్టదు.

పాలిథిన్‌లో గొలుసు పక్కల మొలిచిన కొమ్మలు కూడా ఇలాగే క్రమాన్ని తెంచుతాయి. కొమ్మలు ఎక్కువైన ఎల్‌డీపీఈ 110 దగ్గర, కొమ్మలు దాదాపు లేని హెచ్‌డీపీఈ 130 దగ్గర కరుగుతాయి.

ఫ్రీజర్‌కైతే మసక డబ్బానే వాడండి. పారదర్శకమైనదాన్ని గది ఉష్ణోగ్రతలో వాడుకోవచ్చు.