మలుపులో లోపలి చక్రానికి బ్రేకు ఎందుకు?

ప్రశ్న: మా కొత్త కారు బ్రోచర్‌లో టార్క్ వెక్టరింగ్, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ అని ఉంది. ఆరు నెలలుగా నడుపుతున్నా నాకు ఏ తేడా కనిపించలేదండీ. అసలు పని చేస్తోందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేస్తూనే ఉండాలి. కాకపోతే బీచ్ రోడ్డు మీద దానికి పని తక్కువ. ఓసారి వాన తడి ఆరకముందే పాడేరు ఘాట్ ఎక్కి చూడండి, అప్పుడు దాని సంగతి తెలుస్తుంది.

టార్క్ వెక్టరింగ్ అంటే ఇంజిన్ బలాన్ని ఏ చక్రానికి ఎంత కావాలో అంత పంచడం. మామూలు డిఫరెన్షియల్ పని, మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనివ్వడం. ఆ పని బాగానే చేస్తుంది. చిక్కల్లా, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ సరిసమానంగానే పంచుతుంది. ఒక చక్రం పట్టు తప్పిందంటే రెండోదానికీ అంతకు మించి అందదు.

లెక్క వేసి చూద్దాం. మీది 1200 కిలోల ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు అనుకోండి. ముందు చక్రాల మీద చెరో 360 కిలోల బరువు ఉంటుంది. 12 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్‌లో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిరిగితే సుమారు 100 కిలోలు లోపలి చక్రం మీద నుంచి బయటి చక్రం మీదికి పోతాయి. అంటే లోపల 260, బయట 460. తడి రోడ్డు మీద, మలుపు తిరగడానికి ఖర్చయ్యే పట్టు పోగా, కారును ముందుకు లాగడానికి లోపలి చక్రానికి ఓ 115 కిలోల పట్టు, బయటిదానికి 205 కిలోల పట్టు మిగులుతాయి. డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది కాబట్టి మీకు దక్కేది 115 రెండింతలు, అంటే 230 మాత్రమే. ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రం కీచుమంటూ ఊరికే తిరుగుతుంది, బయటిదాని పట్టు వాడుకోకుండానే ఉండిపోతుంది.

ఇప్పుడు కంప్యూటర్ లోపలి చక్రానికి 50 కిలోల బలంతో బ్రేకు వేసిందనుకోండి. డిఫరెన్షియల్ ఇప్పుడు ఒక్కో వైపుకి 165 పంపగలదు. లోపలి వైపు 50 బ్రేకుకి పోయి 115 రోడ్డుకి చేరుతుంది. బయటి వైపు 165 మొత్తం చేరుతుంది. మొత్తం 280. పైగా బయటి చక్రం ఎక్కువ బలంతో తోస్తుంది కాబట్టి కారు ముక్కు మలుపు లోపలికే తిరుగుతుంది. స్టీరింగ్ ఇంకా తిప్పాల్సిన అవసరం తగ్గుతుంది. 2009లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కారులో ఎక్స్‌డీఎస్ పేరుతో వచ్చింది ఈ పద్ధతే. పేరులో డిఫరెన్షియల్ ఉన్నా లోపల కొత్త డిఫరెన్షియల్ ఏమీ ఉండదు, ఉన్న ఏబీఎస్ సామగ్రే ఈ పనీ చేస్తుంది. మీ కారులోదీ ఇదే రకం అయ్యుంటుంది. నా దృష్టిలో ఇది చిన్నచూపు చూడాల్సిన విషయం కాదు, అదనపు బరువు లేకుండా ఇంత సాయం రావడం మంచిదే.

క్లచ్‌తో పనిచేసే అసలైన ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ వేరు. అది బ్రేకుతో బలాన్ని వృథా చేయదు. అయితే క్లచ్ ఎప్పుడూ వేగంగా తిరిగే చక్రం నుంచి నెమ్మదిగా తిరిగేదానికే బలం మళ్లించగలదు. మలుపులో మామూలుగా బయటి చక్రమే వేగంగా తిరుగుతుంది కాబట్టి, లోపలి చక్రం జారి దాన్ని దాటాకే ఈ సాయం అందుతుంది. ఆ హద్దు దాటాలంటే, 1996లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 4 వెనక పెట్టినట్టు బయటి చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పే గేర్లు కావాలి. లేదా ఎలక్ట్రిక్ కారులో చక్రానికో మోటారు కావాలి.

మీకు తెలిసేది ఎక్కడంటే, హెయిర్‌పిన్ సగం దాటి, స్టీరింగ్ ఇంకా తిప్పి పట్టుకునే యాక్సిలరేటర్ తొక్కే క్షణంలో. ఇది లేని కారులో టైరు కీచుమని, ముక్కు బయటి అంచు వైపుకు జారుకుంటుంది. మీ కారులో ఆ అరుపు మొదలవుతూనే ఆగిపోయి, బండి గీసిన గీత మీదే వెళ్తుంది. కొన్ని కార్లలో బానెట్ కింద ఏబీఎస్ పంపు గుర్రుమన్న శబ్దమూ వినిపిస్తుంది. ఎక్కువ కార్లలో డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు. ఆరు నెలలైనా మీ దృష్టికి రాకపోవడానికి అదీ ఒక కారణం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది టైరుకి కొత్త పట్టు ఇవ్వదు, వాడకుండా మిగిలిపోయినదాన్ని వాడుతుందంతే. అదే మలుపులోకి 45తో దూసుకెళ్తే పక్కకు కావాల్సిన బలం మూడింతలు దాటుతుంది. తడి రోడ్డు మీద ఏ టైరూ అంత ఇవ్వలేదు. వేగం మలుపుకి ముందే తగ్గించుకోండి. ఘాట్ మొత్తం గట్టిగా తొక్కుతూ ఎక్కితే డిస్కులు బాగా వేడెక్కుతాయి, ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. కాలిన వాసన వస్తే నెమ్మదించండి.

తిన్నగా పోయే రోడ్డు మీద కారు ఒక పక్కకు లాగితే మాత్రం అది ఈ ఫీచర్ ప్రభావం అనుకోకండి. ముందుగా రెండు వైపులా టైర్ల గాలి, సైజు, అరుగుదల ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగ్గానే ఉంటే అలైన్‌మెంటు, ఆ తర్వాత బ్రేక్ క్యాలిపర్ పట్టేసిందేమో చూపించండి.