ఎల్‌సీ మార్జిన్ ఎప్పుడు సర్దుబాటవుతుంది?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. చైనా నుంచి ఫిల్లింగ్ మెషిన్ కోసం 40,000 డాలర్ల సైట్ ఎల్‌సీ తీశాం. బ్యాంకు 20 శాతం మార్జిన్ కట్టించుకుంది. సరుకు చెన్నై పోర్టుకు రాగానే ఆ డబ్బు వెనక్కిస్తారా, బిల్లులో తగ్గిస్తారా?

జవాబు: బిల్లులోనే తగ్గిస్తారండీ. కాకపోతే ఓడ రాకకూ దానికీ సంబంధం లేదు. ఎల్‌సీ అంటే కాగితాలు సరిగ్గా ఉంటే అమ్మినవాళ్లకు డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ. అందుకే బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ లాంటివి మీ బ్యాంకుకు చేరాక, సరిచూడటానికి దానికి గరిష్ఠంగా 5 బ్యాంకు పనిదినాలు ఉంటాయి. అన్నీ సరిపోతే బిల్లు చెల్లిస్తుంది, మార్జిన్ సర్దుబాటయ్యేది అప్పుడే.

చాలామంది లెక్క తప్పేది డాలరు దగ్గర. ఎల్‌సీ తీసిన రోజు డాలరు 85 రూపాయలనుకుందాం. మొత్తం 34 లక్షలు, మీ మార్జిన్ 6.80 లక్షలు. ఇంకా 27.20 లక్షలు సిద్ధం చేసుకుంటే చాలనుకుంటారు. కానీ చెల్లింపు రోజు బ్యాంకు అమ్మకం రేటు 87 అయితే బిల్లు 34.80 లక్షలవుతుంది. మార్జిన్ రూపాయల్లో ఉంది కాబట్టి అది పెరగదు. మీరు కట్టాల్సింది 28 లక్షలు, పైన బ్యాంకు చార్జీలు. ఈ 80 వేల తేడా భయపెడితే, డాలరు రేటును ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్ట్ తీసుకోండి. అయితే మార్జిన్ పోను మిగిలిన దానికి కాదు, మొత్తం 40,000 డాలర్లకూ తీసుకోవాలి.

ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోయినా బ్యాంకు అవతలి వాళ్లకు చెల్లించక తప్పదు. తక్కువపడ్డ మొత్తం మీ పేరున అప్పుగా రాసి, వడ్డీతో పాటు పెనాల్టీ చార్జీలు వేస్తుంది. దీన్నే ఎల్‌సీ డెవాల్వ్ అయిందంటారు. తర్వాత లిమిట్ పెంచమని అడిగినప్పుడు ఆ మచ్చ కనిపిస్తుంది. కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్టీ ఈ లెక్కలో లేవు, వాటికి వేరే డబ్బు ఉంచుకోండి.

చైనా దగ్గర కాబట్టి కాగితాలకంటే కంటైనరే ముందు రావచ్చు. బిల్ ఆఫ్ లేడింగ్ సాధారణంగా బ్యాంకు పేరున ఉంటుంది, బ్యాంకు వెనుక సంతకం పెట్టి ఇస్తేగానీ షిప్పింగ్ కంపెనీ డెలివరీ ఆర్డర్ ఇవ్వదు. డెమరేజ్ పడుతుందని, కాగితాలు రాకముందే సరుకు విడిపించుకోవడానికి బ్యాంకును షిప్పింగ్ గ్యారంటీ అడిగితే, బ్యాంకు మామూలుగా బిల్లు మొత్తం ముందే కట్టమంటుంది. పైగా ఆ తర్వాత కాగితాల్లో తప్పులున్నాయని బిల్లు తిప్పి పంపే దారి మూసుకుపోతుంది. మెషిన్ తనిఖీ గురించి అనుమానముంటే ఇక్కడ తొందరపడకండి.

మార్జిన్ ఎఫ్‌డీగా ఉంటే దాని వడ్డీ మీదే. గడువు ముందు తెంచితే వడ్డీ తగ్గుతుంది, కాబట్టి గడువును ఎల్‌సీకి దగ్గరగా పెట్టించుకోండి. మీ అకౌంటెంట్‌కూ ఒక మాట: మార్జిన్ కట్టిన రోజు దాన్ని మెషిన్ ఖర్చులో రాయొద్దు, డిపాజిట్‌గా చూపించి, బిల్లు చెల్లించిన రోజు మార్చాలి. సరఫరాదారు 38,000 డాలర్లకే బిల్లు వేస్తే, వాడని 2,000 డాలర్ల తాలూకు మార్జిన్ ఎల్‌సీ గడువు ముగిశాక విడుదల చేయించుకోవాలి. లెటర్ రాసి అడగకపోతే అది లీన్‌లోనే, అంటే బ్యాంకు పట్టులోనే పడి ఉంటుంది.