ఏ చీర ఎవరు పెట్టారో తెలియడం లేదు

ప్రశ్న: నాకు పెళ్లై నెలన్నర అయింది. చదివింపుల పుస్తకంలో మా బాబాయి డబ్బులు మాత్రమే రాశారు. చీరలు, సామాన్లు ఎవరిచ్చారో రాయలేదు. కవర్లు తీసేసి అన్నీ బీరువాలో సర్దేశారు. అందరికీ థ్యాంక్స్ చెబుదామని ఇప్పుడు రాయడం మొదలుపెడితే మా అత్తయ్య "లెక్కలు రాస్తున్నావా?" అన్నారు. రెండు చీరలు ఆవిడ ఇప్పటికే ఎవరికో పెట్టేశారు కూడా. ఏం చేయను?

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి. కొత్త కోడలు గదిలో కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటుంటే, ఎవరెంత పెట్టారో తూకం వేస్తోందని పెద్దవాళ్లకు అనిపిస్తుంది. ఆ పుస్తకం హాల్లోకి తెచ్చి ఆవిడ పక్కనే కూర్చోండి. "అత్తయ్యా, మనవాళ్లలో నాకు చాలామంది తెలియదు. ఈ చీర ఎవరు పెట్టారో చెబితే ఫోన్ చేసి మాట్లాడతాను" అనండి. ఆ వైపు బంధువుల చీరలు గుర్తుపట్టాలంటే ఎలాగూ ఆవిడే దిక్కు.

ఒక్కో చీరకీ అంచు, కొంగు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీయండి. కాగితం ముక్క మీద నంబరు వేసి చీర మడతలో పెట్టండి. గుండుసూదితో గుచ్చకండి, పట్టుకు తుప్పు మరక పడితే పోదు. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా వస్తువు, ఇచ్చినవారి పేరు, వరస, ఏ వేడుకలో ఇచ్చారు అన్నవి రాయండి. వాటి పక్కన "ఎలా తెలిసింది" అని ఇంకో గడి పెట్టుకోండి. చాలామంది వదిలేసేది ఇదే, మీకు ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

ఉదాహరణకు, పచ్చ అంచు వంకాయరంగు చీర ఉందనుకోండి. అమ్మ "పెద్ద మేనత్త పెట్టింది" అంటుంది. అప్పుడే ఖాయం చేయకండి, పెన్సిల్‌తో "అమ్మ చెప్పింది" అని రాయండి. ఫొటోగ్రాఫర్ దగ్గర ఆల్బమ్‌కి ఎంపిక చేసినవి కాకుండా మొత్తం ఫొటోలు అడగండి. అవి తీసిన వరసలో ఉంటాయి, కాబట్టి వేదిక మీదకు ఎవరు ఏ కవరుతో వచ్చారో చూడొచ్చు. మేనత్త చేతిలో స్టీలు డబ్బాల సెట్టు ఉండి, ఆ వెనకే వచ్చిన పిన్ని పళ్లెంలో వంకాయరంగు చీర కనిపించిందా, పెన్సిల్ గీత చెరిపి పిన్ని పేరు పెన్నుతో రాయండి. అమ్మ మాట మీదే మెసేజ్ పెట్టి ఉంటే ఇద్దరూ నొచ్చుకునేవారు.

అత్తయ్య పెట్టేసిన రెండు చీరలూ జాబితాలో ఉండాలి. వచ్చిన చీరల్లో కొన్ని పెట్టుబడికి తీయడం మన ఇళ్లలో మామూలే. ఎవరిచ్చారు, ఎవరికి వెళ్లింది అన్నది రాసి ఉంటే, పిన్ని పెట్టిన చీర తిరిగి పిన్ని కూతురికే వెళ్లే అవస్థ తప్పుతుంది. అయితే మీకు పెట్టినవి మీవే. ఇకమీదట తీసే ముందు ఒకమాట అడగమని మీ ఆయన చేత కాదు, మీరే నెమ్మదిగా చెప్పండి.

మీరు రాస్తున్నది ఎవరూ తప్పుపట్టాల్సిన పనీ కాదు. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం, పెళ్లి సమయంలో వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువే రాసి ఉంచుకోవాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే వరస రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. దానికి వేరే కాగితం వాడండి. థ్యాంక్స్ పుస్తకంలో మాత్రం ధరలు వద్దు, వచ్చేపోయేవాళ్లు తిరగేస్తారు.

ఇక మెసేజ్‌లు. మేనమామ, మేనత్త, తాతగారి వయసువాళ్లకు ఫోనే చేయండి, మెసేజ్ పొడిగా ఉంటుంది. మిగతావాళ్లకు వస్తువు పేరు చెప్పి రాయండి: "పిన్నీ, మీరు పెట్టిన వంకాయరంగు చీర వ్రతానికి కట్టుకున్నాను, ఫొటో పంపుతున్నా." నిజంగా కట్టుకుంటేనే అలా రాయండి. పెన్సిల్ రాతలు ఇంకా తేలనివాళ్లకు వస్తువు ఊసే ఎత్తొద్దు: "మీరు అంతదూరం నుంచి వచ్చి ఆశీర్వదించినందుకు మా ఇద్దరికీ చాలా సంతోషం" అంటే చాలు. "మీరేం ఇచ్చారు?" అని మాత్రం నేరుగా అడగకండి. ఏమీ ఇవ్వనివాళ్లు కూడా ఉంటారు.

ఆఫీసువాళ్లు కలిసి ఇచ్చిన మిక్సీ లాంటివాటికి కవరు మీదున్న పేర్లన్నీ రాసుకుని ఎవరికి వారికి విడిగా పంపండి. గ్రూపులో ఒక్క థ్యాంక్స్ పడేస్తే అది సగంమందికి కనబడదు.