అమెరికాలో ఇండియా కుక్కర్: అడాప్టర్ తప్పు కాదు

“అడాప్టర్‌తో ఫోను ఛార్జ్ అవుతోంది, ఇండియా కుక్కర్‌లో గంటైనా అన్నం ఉడకడం లేదు. అమ్మానాన్న వస్తున్నారు, చేతి సంచిలో ఏమి పెట్టుకోమనాలి?”

అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. కుక్కర్‌కు 230 వోల్టులు కావాలి, అక్కడ వచ్చేది 120. వోల్టేజీ దాదాపు సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది. 700 వాట్ల కుక్కర్ 190 వాట్లే ఇస్తుంది.

1. చాలామంది చూడనిది INPUT వరుస. ప్రతి వస్తువు మీదా చదవండి. 100-240V అని ఉంటే అడాప్టర్ చాలు. మీ ఫోను ఛార్జర్ అలాంటిదే.
2. 120 వోల్టుల కుక్కర్ అక్కడే కొనండి. దాన్ని ఇండియాలో నేరుగా పెడితే కాలిపోతుంది.
3. అమ్మానాన్న చేతి సంచిలో అడాప్టర్, ఛార్జర్, పవర్ బ్యాంక్ ఉండాలి. పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ సామానులో అనుమతించరు.