బరువు తగ్గితే రాసే రక్తపరీక్షలు: నా థైరాయిడ్ రిపోర్ట్ ఎందుకు తప్పు చెప్పింది?

ప్రశ్న: డైటింగ్ లేదు, జిమ్ లేదు. అయినా నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గిపోయాను. డాక్టర్ ఒక పేజీ నిండా రక్తపరీక్షలు రాశారు. ఏది దేనికోసమో ఎవరైనా చెబుతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

రెండేళ్ల కిందట నేనూ అలాంటి చీటీయే పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లాను. అప్పటికి ఐదు నెలల్లో 70 కిలోల నుంచి 63కి వచ్చాను. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, తగ్గాలని మనం ఏ ప్రయత్నమూ చేయకుండా, ఒంటి బరువులో నూటికి 5 వంతులకు మించి తగ్గితే డాక్టర్లు కారణం వెతుకుతారు. నాది 10 వంతులు.

పరీక్షలు రాసే ముందు మా డాక్టర్ అడిగింది ఒకటే: "ఆకలి ఎలా ఉంది?" ఇదివరకటి కన్నా ఎక్కువే తింటున్నానని చెప్పాను. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతుంటే ముందు అనుమానించేది షుగర్‌ని, థైరాయిడ్‌ని. అందుకే ఆ రెండు పరీక్షలూ నా చీటీలో పైనే ఉన్నాయి.

షుగర్‌కి రెండు పరీక్షలు చేస్తారు. పరగడుపున తీసే రక్తం ఆ పూట సంగతి చెబుతుంది. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5, ఈ అంకెలు చేరితే షుగర్ జబ్బు కిందే లెక్క. నాకు 214, 10.6 వచ్చాయి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. అంటే తిన్న తిండిలో కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోతోంది. రాత్రుళ్లు మూడుసార్లు ఎందుకు లేస్తున్నానో అప్పుడు అర్థమైంది.

అసలు చిక్కు థైరాయిడ్ దగ్గర వచ్చింది. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆదేశం లాంటిది. థైరాయిడ్ అతిగా పనిచేస్తుంటే ఆ ఆదేశం తగ్గిపోతుంది, మందగిస్తే పెరుగుతుంది. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండాల్సిన అంకె నాకు 0.05 వచ్చింది. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 ఎక్కువగా ఉంది. కాగితం మీద చూస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే! ఒకేసారి రెండు జబ్బులా అని కూలబడిపోయాను.

డాక్టర్ మాత్రం నా నాడి చూశారు, 76. చేతులు చాపమన్నారు, వణుకు లేదు. అప్పుడు అడిగారు: "జుట్టు కోసం ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?" జుట్టు రాలుతోందని రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నాను. మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములే. చాలా ల్యాబ్ యంత్రాలు హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో అది మరీ ఎక్కువైతే కొలత చెడిపోయి, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపించవచ్చు. మూడు రోజులు మాత్ర ఆపి మళ్లీ రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ 2.3, టీ4 మామూలే. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే అక్కర్లేని థైరాయిడ్ మందు వేసుకునేవాణ్ణి. జుట్టు రాలింది కూడా బరువు వేగంగా తగ్గడం వల్లే అయి ఉంటుందన్నారు.

కాబట్టి రక్తం ఇచ్చే ముందే విటమిన్లతో సహా వాడుతున్నవన్నీ డాక్టర్‌కి చెప్పండి.

మీ చీటీలో సీబీసీ కూడా ఉండే ఉంటుంది. అది రక్తహీనత ఉందా, తెల్లకణాలు ఎలా ఉన్నాయి అన్నది చూస్తుంది. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందని చెబుతాయి గానీ ఎక్కడో, ఎందుకో చెప్పవు. క్షయ కావచ్చు, కీళ్లవాతం కావచ్చు, కొన్ని క్యాన్సర్లూ కావచ్చు. అందుకే ఈఎస్‌ఆర్ ఒక్కటే పెరిగిందని బెంబేలు పడకండి. క్రియాటినిన్ కిడ్నీల కోసం, లివర్ పరీక్ష కాలేయం కోసం. ఆల్బుమిన్ బాగా తగ్గితే చాలాకాలంగా వాపు ఉందనో, కాలేయం, కిడ్నీల్లో ఇబ్బంది ఉందనో అనుమానిస్తారు. కాల్షియం పెరిగితే పారాథైరాయిడ్ గ్రంథుల వైపు, కొన్ని క్యాన్సర్ల వైపు చూస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష రాసినా కంగారు పడొద్దు, బరువు తగ్గినప్పుడు అది మామూలుగా రాసేదే.

బరువు పెరిగినవాళ్లకూ టీఎస్‌హెచ్ రాస్తారు, అక్కడ చూసేది పెరిగిందా అని. కాళ్ల వాపుతో పెరిగితే అది నీరు కావచ్చు, అప్పుడు క్రియాటినిన్, ఆల్బుమిన్, మూత్రంలో ప్రొటీన్ ముఖ్యం.

ఇవన్నీ నార్మల్ వచ్చినా బరువు తగ్గుతూనే ఉంటే అక్కడితో వదిలేయకండి. చాలా క్యాన్సర్లు, పేగు జబ్బులు, డిప్రెషన్ ఈ పరీక్షల్లో కనిపించవు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, అవసరమైతే ఎండోస్కోపీ చేయిస్తారు. ఈలోగా ఒకే తూకం యంత్రం మీద, పొద్దున్నే, వారానికోసారి బరువు చూసి రాసి పెట్టుకోండి. మా డాక్టర్ నా రిపోర్టుల కన్నా ముందు అడిగింది ఆ లెక్కే.